నమాజు వేళలు: పొద్దును చూసి చదువుతాం, పొద్దుకు మొక్కం

"మాస్టారూ, అస్సలాము అలైకుమ్. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా రూమ్‌మేట్ హిందువు, మంచి స్నేహితుడు. మొన్న 'దేవుడికి టైమ్‌తో పనేంట్రా? ఆఫీసులో అంత టెన్షన్ పడే బదులు ఐదూ కలిపి రాత్రి ప్రశాంతంగా చదువుకోవచ్చుగా' అన్నాడు. నాకు జవాబు తట్టలేదు. పైగా మా వీధిలో రెండు మసీదులున్నాయి. ఒకదాంట్లో అసర్ అజాన్ అయిన గంటకు గానీ రెండోదాంట్లో ఇవ్వరు. టైమ్ అల్లాహ్ పెట్టిందే అయితే ఈ గంట తేడా ఎక్కడిది? సాయంత్రం మీటింగుల వల్ల నాకు అసర్, మగ్రిబ్ తరచూ తప్పిపోతున్నాయి. ఏం చెయ్యమంటారు?"

వ అలైకుముస్సలాం, బాబూ. నీ స్నేహితుడు అడిగింది ఎగతాళి ప్రశ్న కాదు. నీ టెన్షన్ చూసి బాధపడి అడిగాడు. అందుకే అతనికి అర్థమయ్యేలా, నీకూ ఉపయోగపడేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

దేవుడికి టైమ్‌తో పని లేదు. ఆ మాట నిజమే. పని మనకు. ఖురాన్ తాహా సూరాలో అల్లాహ్ మూసా ప్రవక్తతో "నన్ను జ్ఞాపకం చేసుకోవడానికి నమాజును నిలుపు" అంటాడు. నమాజు ఎందుకు అన్నదానికి ఖురాన్ ఇచ్చే సూటి జవాబుల్లో ఇదొకటి. జ్ఞాపకం అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగి చూడు. మనం దేవుణ్ణి మరిచిపోయేది ఎప్పుడు? రాత్రి అన్ని పనులూ ముగించుకుని ప్రశాంతంగా కూర్చున్నప్పుడు కాదు. పొద్దున దుప్పటి వదలబుద్ధి కానప్పుడు, మధ్యాహ్నం పని మీద పడినప్పుడు, సాయంత్రం ఎవరితోనో మాట పెరిగినప్పుడు మరిచిపోతాం. మరుపు పగలంతా పరుచుకుని ఉంటే, జ్ఞాపకాన్ని మూటగట్టి రాత్రికి పెట్టుకుంటే ఏం లాభం?

నమాజులో మనం చదివేదాన్ని చూసినా ఇది తెలుస్తుంది. నిలబడి, వంగి, సాష్టాంగపడే ఒక్కో ఆవృతం ఒక రకాతు. ఐదు పూటల ఫర్జ్, అంటే విధి రకాతులు మొత్తం పదిహేడు. ఫజ్ర్‌కు రెండు, జొహర్‌కు నాలుగు, అసర్‌కు నాలుగు, మగ్రిబ్‌కు మూడు, ఇషాకు నాలుగు. ప్రతి రకాతులోనూ ఫాతిహా సూరా ఉంటుంది. ఫాతిహాలో మనం అడిగేది ఒక్కటే: "మాకు రుజుమార్గం చూపించు." దారి అడగాల్సింది నడుస్తున్నప్పుడు. ఇల్లు చేరాక, తలుపు వేసుకుని, పదిహేడుసార్లు దారి అడిగితే ఆ రోజు నడిచిన నడకకు అది అక్కరకు రాదు. నీ స్నేహితుడికి ఇంకేమీ చెప్పకపోయినా ఈ ఒక్కటి చెప్పు.

ప్రవక్త ముహమ్మద్ (స) దీన్నే ఒక పోలికతో చెప్పారు. ఒకరి గుమ్మం ముందే ఏరు పారుతోంది, అతను రోజుకు ఐదుసార్లు అందులో స్నానం చేస్తాడు, ఒంటి మీద మురికి ఉంటుందా అని అడిగారు. ఉండదని సహచరులు అన్నారు. ఐదు నమాజులూ అంతేనన్నారు. పొలం నుంచి వచ్చిన మనిషి వచ్చినప్పుడల్లా కడుక్కుంటాడు గానీ, రాత్రిదాకా మట్టితోనే తిరిగి అప్పుడు వరసగా ఐదుసార్లు మునగడు కదా.

ఇక వేళ అన్నది నమాజుకు పైనుంచి తగిలించిన షరతు కాదు. అది నమాజులో భాగం. నిసా సూరా 103వ ఆయతు నమాజును "వేళలు నిర్ణయించిన విధి" అంటుంది. మన ధర్మశాస్త్ర పండితులైతే వేళ రావడమే ఆ నమాజు మనపై విధి కావడానికి కారణమంటారు. జొహర్ వేళ రాకముందు ఒక్క నిమిషం ముందు చదివినా అది జొహర్ కాదు, మళ్లీ చదవాలి. రైతుకు కార్తె ఎలాగో మనకు వక్తు అలాగ. వాన కార్తెలో పడాల్సిన విత్తనాన్ని గాదెలో దాచి చలికాలంలో చల్లితే విత్తనం అదే, నేలా అదే, పంట మాత్రం అది కాదు.

ఈ వేళలు ఎలా తెలిశాయో తెలుసుకుంటే నీ రెండో ప్రశ్నకు దారి దొరుకుతుంది. ప్రవక్త (స) ఆకాశ ప్రయాణం చేసిన మేరాజ్ రాత్రి మొదట యాభై నమాజులు విధి అయ్యాయి. మూసా ప్రవక్త సలహా మీద మన ప్రవక్త మళ్లీ మళ్లీ వేడుకోగా అవి ఐదయ్యాయి, పుణ్యం మాత్రం యాభైకే ఇస్తానని అల్లాహ్ మాట ఇచ్చాడు. తర్వాత జిబ్రయీల్ దూత కాబా దగ్గరకు వచ్చి వరసగా రెండు రోజులు ప్రవక్త (స)కు ముందు నిలబడి నమాజు చదివించారు. మొదటి రోజు ప్రతి నమాజునూ దాని వేళ మొదలవగానే చదివించారు. రెండో రోజు మగ్రిబ్ తప్ప మిగతావాటిని బాగా ఆలస్యం చేసి చదివించారు. చివరికి "వేళ ఈ రెండింటి మధ్య" అన్నారు.

ఆ మాట చాలామంది గమనించరు. మనం నమాజు టైమ్ అంటే గోడ మీది బోర్డులో ఉన్న 1:30, 5:15 అనుకుంటాం. అవి ఆ మసీదులో జమాఅత్ నిలబడే టైములు, జనం వీలు కోసం కమిటీ పెట్టుకున్నవి. అల్లాహ్ పెట్టినవి నిమిషాలు కావు, మొదలూ చివరా ఉన్న వ్యవధులు. వాటి గుర్తులు కూడా గడియారంలో లేవు, ఆకాశంలో ఉన్నాయి. తూర్పున తెల్లటి వెలుగు అడ్డంగా పరుచుకుంటే ఫజ్ర్. పొద్దు నడినెత్తి దాటి వాలితే జొహర్. నీడ సాగితే అసర్. పొద్దు గుంకితే మగ్రిబ్. పడమటి ఎరుపు, దాని వెనకాలి వెలుగు చెరిగిపోతే ఇషా. ఇందులో చదువు రానివాడికి అర్థం కానిది ఏముంది? గొర్రెల కాపరీ చూడగలడు, ఓడ మీద ఉన్నవాడూ చూడగలడు. పంచాంగం చూసి చెప్పే మనిషి అక్కర్లేదు.

చూడటంలో పొరపాటు పడే చోటు ఒకటుంది, తెల్లవారుజామున. ముందు ఒక వెలుగు తూర్పున నిలువుగా, తోడేలు తోక పైకెత్తినట్టు వస్తుంది. కాసేపటికి అది మళ్లీ చీకట్లో కలిసిపోతుంది. దాన్ని సుబహ్ కాజిబ్, అంటే అబద్ధపు వేకువ అంటారు. ఆ తర్వాత దిగంతం పొడవునా అడ్డంగా పరుచుకుని క్రమంగా పెరిగేదే సుబహ్ సాదిఖ్, నిజమైన వేకువ. ఫజ్ర్ దానితోనే మొదలవుతుంది, ఉపవాసమూ దానితోనే. మదీనాలో దీనికోసం రెండు అజాన్లు ఉండేవి. బిలాల్ (ర) ఇంకా రాత్రి ఉండగానే నిద్ర లేపడానికి పిలిచేవారు. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (ర) అసలు వేకువకు పిలిచేవారు. ఆయన అంధులు. తెల్లవారిందని ఎవరైనా చెబితేనే అజాన్ ఇచ్చేవారు.

ఇంతవరకూ విన్నాక నీ స్నేహితుడు ఒక మాట అనవచ్చు: "అంతా సూర్యుడి చుట్టూనే ఉందిగా, మా సంధ్యావందనం లాగే!" ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన విషయం ఉంది. నమాజు సూర్యుణ్ణి చూసి వేళ తెలుసుకుంటుంది. అయితే సరిగ్గా సూర్యుణ్ణి కొలిచే క్షణాలు ఏవో, వాటినే తప్పించుకుని నడుస్తుంది. ఉఖ్బా బిన్ ఆమిర్ (ర) చెప్పిన హదీసులో ప్రవక్త (స) మూడు సమయాల్లో నమాజు చదవొద్దన్నారు: పొద్దు పొడుస్తూ పైకి వచ్చేదాకా, నడినెత్తిన నిలిచి వాలేదాకా, అస్తమించబోతూ పూర్తిగా గుంకేదాకా. ఉదయించేటప్పుడు, అస్తమించేటప్పుడు సూర్యుడికి సాగిలపడేవాళ్లు ఉన్నారని, అందుకే ఆ వేళల్లో ఆగమని మరో హదీసు కారణం కూడా చెబుతుంది. నీ స్నేహితుడి ఇంట్లో పెద్దవాళ్లు ఉదయించే సూర్యుడికి అర్ఘ్యం ఇస్తూ ఉండవచ్చు. వాళ్ల పద్ధతి వాళ్లది, దాన్ని గౌరవంగానే చూడు. మన పద్ధతి మాత్రం ఖురాన్ మాటల్లో ఇది: "సూర్యుడికి గానీ చంద్రుడికి గానీ సాష్టాంగపడకండి, వాటిని సృష్టించిన అల్లాహ్‌కు సాష్టాంగపడండి."

ఇప్పుడు ఐదు నమాజులనూ ఈ కన్నుతో మళ్లీ చూడు. ఫజ్ర్ సూర్యుడు రాకముందు. జొహర్ అతను వాలడం మొదలుపెట్టాక. అసర్ వేడి తగ్గి నీడలు సాగాక. మగ్రిబ్ అతను కనుమరుగయ్యాక. ఇషా అతని వెలుగు ఆనవాలు కూడా పోయాక. సూర్యుడు పైకెక్కుతున్నంతసేపు, అంటే పొద్దు పొడిచినప్పటి నుంచి నడిమధ్యాహ్నం దాకా, ఒక్క ఫర్జ్ నమాజు కూడా లేదు. ఇబ్రాహీం ప్రవక్త సూర్యుణ్ణి చూసి "ఇది అన్నింటికన్నా పెద్దది" అని, అది అస్తమించగానే "మీరు దేవుడికి సాటి కల్పించే వాటితో నాకు సంబంధం లేదు" అన్న ఘట్టం అన్ఆమ్ సూరాలో ఉంది. వాలిపోయేదాన్ని చూసినప్పుడల్లా వాలిపోనివాడి వైపు తిరగడం నమాజు వేళల్లో నాకు కనిపించే అర్థం. ఇది నా అవగాహన, శాస్త్ర నియమం కాదు.

ఆ ఖాళీ ఉదయానికి మరో లాభం కూడా ఉంది. పని ఊపందుకునే గంటలు అవే. పొలంలోనైనా, అంగట్లోనైనా, నీ ఆఫీసులోనైనా ఆ ఐదారు గంటలు విధి నమాజు పిలుపు లేకుండా బతుకుతెరువుకు వదిలేశారు. ఓపిక ఉన్నవాళ్లు చాష్త్ నమాజు చదువుకుంటారు, అది ఐచ్ఛికం. శుక్రవారం నమాజు గురించి చెప్పేటప్పుడు కూడా ఖురాన్ ముందు వ్యాపారం ఆపి రండని పిలిచి, ముగియగానే భూమిపై చెదిరిపోయి అల్లాహ్ అనుగ్రహాన్ని వెతుక్కోండని చెబుతుంది. పని చెయ్యొద్దని మన ధర్మం ఎక్కడా అనలేదు.

ఇక మీ వీధిలోని రెండు మసీదుల సంగతి. దీనికి మాటలకన్నా కర్ర మేలు. మార్చి 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో మేడ మీద ఒక మీటరు కర్రను నిటారుగా నిలబెట్టావనుకో. ఉదయం నుంచి నీడ తగ్గుతూ వస్తుంది. దాదాపు 12:23కి అది అన్నింటికన్నా పొట్టిగా, సుమారు 31 సెంటీమీటర్లు ఉంటుంది. దీన్ని ఉర్దూలో సాయా-ఎ-అస్లీ అంటారు, అంటే అసలు నీడ. మన ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన ఉంది కాబట్టి ఆ రోజు సూర్యుడు నడినెత్తిన కాక కొంచెం దక్షిణంగా దాటుతాడు, ఆ వంపు వల్ల మిగిలిన నీడ ఇది. నీడ మళ్లీ పెరగడం మొదలైతే జొహర్ వచ్చినట్టు.

అసర్ లెక్కకు ఈ 31 సెంటీమీటర్లను పక్కన పెట్టాలి. నీడ దానిమీద ఇంకో మీటరు పెరిగి 131 సెంటీమీటర్లయ్యేసరికి సుమారు 3:46 అవుతుంది. షాఫయీ, మాలికీ, హంబలీ అనే మూడు ధర్మశాస్త్ర సంప్రదాయాల పండితుల ప్రకారం అసర్ అప్పుడే మొదలు. ఇమామ్ అబూ హనీఫా ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం కర్రకు రెండింతలు పెరగాలి, అంటే 231 సెంటీమీటర్లు. దానికి సుమారు 4:45 అవుతుంది. నీ గంట తేడా ఇదే. మన రాష్ట్రాల్లో ఎక్కువ మసీదులు హనఫీ పద్ధతివి కాబట్టి రెండో లెక్క వాడతాయి. అహ్లె హదీస్ మసీదులు మొదటి లెక్క వాడతాయి. హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ మూలాల కుటుంబాలు ఎక్కువగా షాఫయీలు, వాళ్లకూ మొదటి లెక్కే. అబూ హనీఫా ముఖ్య శిష్యులు ఇద్దరు, అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ కూడా ఒక నిడివి చాలన్నారు.

ఎవరిది తప్పు అని అడక్కు. జిబ్రయీల్ మొదటి రోజు నీడ ఒక నిడివి ఉన్నప్పుడు, రెండో రోజు రెండు నిడివులు ఉన్నప్పుడు అసర్ చదివించారు. ఇద్దరూ చూస్తున్నది అదే ఆకాశాన్ని, నమ్ముతున్నది వేళ నీడతో తెలుస్తుందన్న అదే సూత్రాన్ని. జొహర్ ఎక్కడ ముగిసి అసర్ ఎక్కడ మొదలవుతుందనే గీత దగ్గరే తేడా. రెండు నిడివులు దాటాక చదివితే అసర్ ఇంకా రాలేదని ఎవరూ అనరు.

మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన దాటుతాడు. ఆ రెండు రోజులూ కర్ర కింద నీడే ఉండదు, అసలు నీడ సున్నా. మక్కాలో మే చివర, జులై మధ్యలో ఇలాగే అవుతుంది. జిబ్రయీల్ మొదటి రోజు జొహర్ చదివించినప్పుడు నీడ చెప్పు పట్టీ అంత ఉందని హదీసులో ఉంది. చిన్నప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు. మేడ మీద కర్ర పెట్టి చూశాక, నీడ దాదాపు లేని చోట అది సన్నగా తొంగిచూడటమే పొద్దు వాలిందనడానికి గుర్తని తెలిసింది. ఈ నీడలను లెక్కకట్టడానికే పెద్ద మసీదుల్లో మువఖ్ఖిత్ అనే ఉద్యోగి ఉండేవాడు. డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో ఆ పని చేసిన ఇబ్న్ అల్-షాతిర్ పేరున్న ఖగోళ శాస్త్రవేత్త. 1371లో అక్కడి మినారు మీద పెట్టడానికి పెద్ద నీడ గడియారం చేశాడు.

మన ఫోన్ యాప్ చేసేది కూడా ఆ నీడల లెక్కే. అందుకే దాని సెట్టింగ్ ఒకసారి చూసుకో. అసర్ దగ్గర హనఫీ అని ఉందో, షాఫయీ అని ఉందో చూడు. ఫజ్ర్ దగ్గర సూర్యుడు దిగంతానికి ఎన్ని డిగ్రీల కింద ఉన్నప్పుడు వేకువ అనే లెక్క ఉంటుంది. మన దేశంలో సాధారణంగా 18 డిగ్రీలు. అమెరికాలో వాడే ఒక లెక్క 15 డిగ్రీలు. యాప్‌లో అది ఎంచుకుని ఉంటే మార్చి 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో ఫజ్ర్ 5:08కి బదులు 5:20కి చూపిస్తుంది. నమాజుకు దానివల్ల నష్టం లేదు, కొంచెం ఆలస్యంగా చదువుతావు, అంతే. రంజాన్‌లో మాత్రం వేకువ దాటాక కూడా సహరీ తింటూ ఉంటావు.

ఊరు మారినప్పుడు ఇంకా జాగ్రత్త. ఉద్యోగంలో చేరిన కొత్తలో మార్చి 20 ప్రాంతంలో శిక్షణ కోసం విశాఖపట్నం వెళ్లాను. సంచిలో హైదరాబాద్ క్యాలెండర్ ఉంది, అందులో సూర్యోదయం 6:20 దగ్గర్లో ఉంది. కిటికీలు మూసిన గదిలో లేచి, ఇంకా పది నిమిషాలుందని 6:08కి ఫజ్ర్ చదివాను. బయటికొస్తే సముద్రం మీద పొద్దు పొడిచి ఉంది. విశాఖ హైదరాబాద్‌కు తూర్పున ఉంది, అక్కడ సూర్యుడు సుమారు 19 నిమిషాలు ముందే వస్తాడు. గడియారం దేశమంతా ఒకటే గానీ పొద్దు ఊరికొకటి. నేను చదివింది సరిగ్గా వద్దన్న ఆ మొదటి సమయంలో. పొద్దు బాగా పైకి వచ్చేదాకా ఇరవై నిమిషాలు ఆగి, తప్పిపోయినదాన్ని ఖజాగా చదివాను. తప్పు క్యాలెండర్‌ది కాదు, తలుపు తీసి ఆకాశం వైపు చూడని నాది.

లండన్ లాంటి చోట్ల ఉన్న మన తెలుగు ముస్లింలకు జూన్‌లో ఇంకో చిక్కు. అక్కడ అర్ధరాత్రి కూడా సూర్యుడు దిగంతానికి సుమారు 15 డిగ్రీలకన్నా కిందికి పోడు, అంటే 18 డిగ్రీల లెక్కలో ఇషా రానే రాదు. గుర్తు కనిపించకపోతే నమాజు రద్దయినట్టా? ప్రళయానికి ముందు వచ్చే మహా మోసగాడు దజ్జాల్ కాలంలో ఒక రోజు ఏడాదంత ఉంటుందని ప్రవక్త (స) చెప్పినప్పుడు, ఆ రోజుకు ఒక్క రోజు నమాజులు సరిపోతాయా అని సహచరులు అడిగారు. చాలవు, కొలత వేసుకుని చదవండని జవాబొచ్చింది. అక్కడి పండితులు దాన్ని ఆధారం చేసుకునే అంచనా వేళలు ఇస్తారు.

కలిపి చదవడం అన్న మాటకు కూడా ఒక పాలు నిజం ఉంది. ప్రయాణంలో నాలుగు రకాతులవి రెండు చేసి చదువుతాం. షాఫయీ తదితరుల ప్రకారం ప్రయాణికుడు జొహర్‌తో అసర్‌ను, మగ్రిబ్‌తో ఇషాను కలపవచ్చు. హనఫీలు దీన్ని హజ్‌లో అరఫాత్, ముజ్దలిఫాల దగ్గర మాత్రమే ఒప్పుకుంటారు. పాతబస్తీలోని షియా సోదరులు మామూలు రోజుల్లో కూడా ఈ జంటలను కలిపి, ఐదు నమాజులను మూడు వేళల్లో చదువుతారు. గమనించు, ఎవరి పద్ధతిలోనైనా జంట కుదిరేది పక్కపక్కవాటికే. ఫజ్ర్ ఎప్పుడూ ఒంటరిదే. పగటివి రాత్రికి తోసేయడం ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు నీ మీటింగులు. ఇరుకైన డిసెంబరు 21 ప్రాంతాన్నే తీసుకుందాం. హైదరాబాద్‌లో పొద్దు 12:14కి వాలుతుంది. హనఫీ అసర్ 4:11 ప్రాంతంలో, సూర్యాస్తమయం 5:46 ప్రాంతంలో. జొహర్‌కు నాలుగు గంటల వ్యవధి ఉంది, భోజన విరామంలో ఎప్పుడైనా చదువుకో. దానికి టెన్షన్ అనవసరం. ఎండాకాలంలోనైతే వేడి తగ్గేదాకా జొహర్‌ను ఆలస్యం చెయ్యమని ప్రవక్త (స) స్వయంగా చెప్పారు. ఇషా ఇంటికొచ్చాక చదువుకోవచ్చు. అసలు సమస్య నీకు రెండు చోట్ల మాత్రమే.

అసర్‌కు ఫర్జ్ నాలుగు రకాతులు, వుజూతో కలిపి పది నిమిషాలు. నాలుగున్నరకు మీటింగ్ ఉంటే 4:15కి లేచి చదివేసెయ్. జొహర్‌కు చేసిన వుజూ నిలిచి ఉంటే ఇంకా తేలిక. మీటింగే నాలుగుకు మొదలై ఆరుదాకా సాగే రోజుల్లో, 3:24 తర్వాత అసర్ వచ్చిందనే అభిప్రాయం ఉందని, నమాజు పోగొట్టుకోవడం కన్నా దాన్ని అనుసరించడం మేలని చాలామంది పెద్దలు చెబుతారు. మీ ఇమామ్ గారిని అడిగి నిర్ణయించుకో. పొద్దు పచ్చబడేదాకా లాగకు. అలా కూర్చుని చివర్లో నాలుగు ముక్కుపోట్లు పొడిచినట్టు చదివే నమాజును ప్రవక్త (స) కపటుడి నమాజు అన్నారు. అయినా ఆలస్యమైపోతే, ఆ రోజు అసర్‌ను మాత్రం గుంకేలోపు చదవాల్సిందే. గుంకేముందు ఒక్క రకాతు దొరికినా అసర్ దొరికినట్టేనని హదీసు ఉంది.

మగ్రిబ్‌కు వ్యవధి తక్కువే, గంటా పది నిమిషాలకు అటూ ఇటూ. ఆరుకు మీటింగ్ ముగిస్తే నీకింకా చాలా సేపు ఉంది. 5:46 దాటితే పోయిందనుకుని వదిలేస్తున్నావేమో అని నా అనుమానం. అజాన్ వేళ మొదలైందని చెబుతుంది, ముగిసిందని కాదు. మీ మేనేజర్‌తో దాపరికం లేకుండా మాట్లాడు, రోజూ రెండుసార్లు పదేసి నిమిషాలు కావాలని, ఆ టైములు నెలనెలా కొంచెం జరుగుతాయని. టీకి వెళ్లేవాళ్లు కూడా అంతసేపు వెళతారు.

నిద్రలోనో మరుపులోనో తప్పిపోయినవాటికి గుర్తొచ్చినప్పుడే చదవడమే పరిహారమని ప్రవక్త (స) చెప్పారు. నువ్వు తరచూ పోగొట్టుకున్న అసర్, మగ్రిబ్‌లను నెలల వారీగా రాసుకుని రోజుకొక్కటి చొప్పున ఖజా చదువు.

వచ్చే ఆదివారం నీ స్నేహితుణ్ణి కూడా మేడ మీదికి తీసుకెళ్లు. పన్నెండు గంటలకు కర్ర నిలబెట్టి, ఐదు నిమిషాలకోసారి నీడ చివర చాక్‌పీసుతో గీత పెట్టమను. కర్ర మొదలు నుంచి గీతల దూరం తగ్గి తగ్గి ఒకచోట ఆగుతుంది, తర్వాత నీడ మళ్లీ సాగుతుంది. సాగడం అతనే మొదట చూస్తే, జొహర్ వచ్చిందని అతనే నీకు చెబుతాడు.